పెట్టె మీద బొమ్మ, జబ్బ మీద పట్టీ

మా పెద్దమ్మ గుంటూరులో ఉంటుంది. రెండేళ్ల కిందట వాళ్లబ్బాయి ఇంట్లో ఉంటుందని ఒక బీపీ మిషన్ కొనిచ్చాడు. పండక్కి వెళ్లినప్పుడు ఆవిడ దాన్ని ఎలా వాడుతుందో చూశాను. స్వెటర్ చెయ్యి మీదే పట్టీ చుట్టింది, చేతిని ఒళ్లో పెట్టుకుంది, ట్యూబును పైకి, భుజం వైపుకి తిప్పింది. "అట్లా కాదు పెద్దమ్మా" అన్నాను. "నాకు తెలియదా? ఇదిగో, ఇట్లాగే ఉందిగా" అంటూ పెట్టె తెచ్చి చూపించింది. నిజమే. పెట్టె మీద బొమ్మలో ఒకాయన ఫుల్ చేతుల చొక్కా మీదే పట్టీ చుట్టుకుని, చేతిని గాల్లో ఉంచి నవ్వుతున్నాడు. ట్యూబు భుజం వైపుకే ఉంది. వాడే పద్ధతి రాసిన కాగితం ప్లాస్టిక్ సంచి విప్పకుండా అలాగే ఉంది.

నేను పన్నెండేళ్లుగా విజయవాడలో వస్తువుల ఫోటోలు తీస్తున్నాను. మిక్సీలు, పచ్చడి సీసాలు, ఫ్యాన్లు, అప్పుడప్పుడు ఆసుపత్రి సామాన్లు. మిక్సీ బొమ్మ చూసి ఎవరూ మిక్సీ వాడటం నేర్చుకోరు. బీపీ మిషన్ అలా కాదు. కాగితం చదవని ఇంట్లో పెట్టె మీది బొమ్మే పాఠం. బొమ్మలో తప్పుంటే ఆ తప్పు రోజూ పొద్దున్నే ఎవరో ఒకరి జబ్బ మీద చుట్టుకుంటుంది. ఆ తర్వాత కొన్నాళ్లకే ఒక మెడికల్ డిస్ట్రిబ్యూటర్ తమ బీపీ మిషన్‌కీ, పెన్ను లాంటి డిజిటల్ థర్మామీటర్‌కీ బొమ్మలు తీయమని అడిగారు. నేను పెద్దమ్మ ఇంటి సంగతి చెప్పి, ఒక షరతు పెట్టాను. షూటింగ్ రోజు ఆసుపత్రిలో చాలా ఏళ్లు పనిచేసిన ఒక నర్సు పక్కన ఉండాలి అన్నాను. వాళ్లు ఒప్పుకున్నారు. రిటైరైన హెడ్ నర్సు ఒకావిడ వచ్చారు. మేమందరం ఆవిణ్ణి సిస్టర్ అనే పిలిచాం.

ముందుగా పట్టీ గురించి చెప్పాలి. ఎందుకంటే కొనేవాళ్లు తెరనీ, మీటలనీ చూస్తారు కానీ అసలు కొలిచేది పట్టీయే. మిషన్ లోపల చిన్న పంపు పట్టీలోకి గాలి పంపుతుంది. జబ్బలోని రక్తనాళం నొక్కుకుపోతుంది. తర్వాత గాలి మెల్లగా వదులుతున్నప్పుడు రక్తనాళం కొట్టుకోవడం పట్టీలోని గాలిని సన్నగా అదిలిస్తుంది. ఆ అదురు ఎప్పుడు మొదలైంది, ఎక్కడ ఎక్కువైంది, ఎప్పుడు తగ్గిపోయింది అన్నది మిషన్ పట్టుకుని, దాన్నుంచి పై అంకె, కింది అంకె లెక్కకడుతుంది. పట్టీ జబ్బకు సరిగ్గా పట్టకపోతే ఆ అదురు సరిగ్గా అందదు. అప్పుడు ఎంత ఖరీదైన మిషనైనా తప్పు అంకెనే చూపిస్తుంది.

ఈ సంగతి పాతదే. 1896లో ఇటలీలోని టురిన్ నగరంలో రీవా రోచీ అనే వైద్యుడు జబ్బకు చుట్టి గాలి నింపే పట్టీతో బీపీ కొలిచే పరికరం చేశాడు. ఆయన పట్టీ వెడల్పు సుమారు ఐదు సెంటీమీటర్లే. సన్న పట్టీ కావడంతో రక్తనాళాన్ని నొక్కడానికి ఎక్కువ ఒత్తిడి పట్టేది, అంకె ఉన్నదానికంటే ఎక్కువ వచ్చేది. 1901లో ఫోన్ రెక్లింగ్‌హౌజెన్ అనే జర్మన్ వైద్యుడు ఆ లోపం గుర్తించి పట్టీ వెడల్పు పెంచాడు. ఇవాళ మన ఇళ్లలోని పట్టీ ఆ వెడల్పు పట్టీ వారసురాలే. ఇప్పటికీ పట్టీ చిన్నదైతే అంకె పెరుగుతుంది, పెద్దదైతే తగ్గుతుంది. లోపలి గాలి సంచి పొడవు జబ్బ చుట్టుకొలతలో దాదాపు ఎనభై శాతం ఉండాలన్నది వైద్యులు పాటించే లెక్క.

అందుకే మా మొదటి బొమ్మ మిషన్‌ది కాదు, పట్టీది. బల్ల మీద దాన్ని పూర్తిగా విప్పి, చదునుగా పరిచి, పై నుంచి తీశాం. పట్టీ మీద చాలా రాతలుంటాయి. 22–32 సెం.మీ. అని చుట్టుకొలత ఉంటుంది. అది ఆ పట్టీ ఏ లావు జబ్బకు సరిపోతుందో చెబుతుంది. ఒక అంచు దగ్గర ఒక గీత, కాస్త దూరంలో రెండు గీతల మధ్య ఒక గడి ఉంటాయి. పట్టీ చుట్టాక ఆ అంచు గీత ఆ గడి లోపల పడితే మీ జబ్బకు ఆ పట్టీ సరిపోయినట్టు. గడి దాటి బయట పడితే సరిపోనట్టు. ఇంకొక గుర్తు రక్తనాళం ఎక్కడుందో చూపేది. దాన్ని మోచేతి మడత లోపలి వైపు, నాడి తగిలే చోటికి సరిగ్గా పైన ఉంచాలి. మామూలుగా పెట్టె మీది బొమ్మల్లో పట్టీ చుట్ట చుట్టి మిషన్ వెనక అలంకారంగా పెట్టి ఉంటుంది. అలా పెడితే ఈ గుర్తుల్లో ఒక్కటీ కనిపించదు.

పట్టీ గుడ్డ ముదురు నీలం రంగు. మీద రాతలు లేత బూడిద రంగు. ఎదురుగా లైటు కొడితే నైలాన్ గుడ్డ మెరిసి రాతలు మాయమయ్యాయి. లైటును పక్కకు, బాగా కిందకు దించి, పట్టీ మీదుగా జారేలా పెట్టాం. అప్పుడు కుట్ల వరసలు, వెల్క్రో అంచు, ట్యూబు పట్టీలోకి దిగే చోట ఉన్న చిన్న ప్లాస్టిక్ మూతి అన్నీ తేలాయి. నీడ పడిన వైపు ఒక తెల్ల థర్మోకోల్ షీటు నిలబెట్టాం. అంతకు మించి ఏమీ చెయ్యలేదు. చిన్న ముడతలను కంప్యూటర్‌లో చెరిపేయమని డిస్ట్రిబ్యూటర్ మనిషి అడిగాడు. మడతలు చెరిపితే పట్టీ గట్టి అట్టలా కనిపిస్తుంది. చేతికి చుట్టేది మెత్తటి గుడ్డ అని బొమ్మ చూస్తేనే తెలియాలి. అందుకే ఉంచేశాం.

రెండో బొమ్మ జబ్బ మీది పట్టీ. ఇక్కడే సిస్టర్ మమ్మల్ని మూడుసార్లు ఆపారు. మా స్టూడియోలో పనిచేసే కుర్రాడే మోడల్. చొక్కా చెయ్యి పైకి మడిచాడు. "ఆ మడత చూడు బాబూ, తాడు కట్టినట్టు జబ్బను బిగించేస్తోంది. చొక్కా విప్పెయ్, లేదంటే చేతుల్లేని బనీను వేసుకో" అన్నారు. మార్చాం. పట్టీ చుట్టాడు, మోచేతి మడతకు ఆనుకునే వరకు దిగింది. "మడతకు రెండు వేళ్లు పైన ఉండాలి" అన్నారు. సుమారు రెండు సెంటీమీటర్లు పైకి జరిపి, ట్యూబు చేతి లోపలి వైపు నుంచి నడి వేలి వైపుకు పారేలా తిప్పించారు. పట్టీ కింద తన రెండు వేళ్లు దూర్చి చూశారు. కష్టం లేకుండా దూరాయి కానీ వదులుగా లేవు. "ఇదీ బిగువు" అన్నారు.

మూడోసారి ఆపింది చెయ్యి ఎత్తు దగ్గర. నేను చెయ్యిని అందంగా కనిపించాలని బల్ల అంచు మీద కాస్త కిందకు వాల్చి పెట్టాను. సిస్టర్ ఒక మడిచిన దుప్పటి తెమ్మని, చెయ్యి కింద పెట్టించి, పట్టీని గుండె ఎత్తుకు తెచ్చారు. ఇది పట్టింపు కోసం కాదు. రక్తం కూడా నీళ్లలాంటిదే, ఎంత కిందకు వెళ్తే అంత బరువు పడుతుంది. పట్టీ గుండె కంటే పది సెంటీమీటర్లు కిందకు ఉంటే అంకెలో ఏడెనిమిది ఎక్కువ కనిపిస్తుంది. పెద్దమ్మ లాగా చెయ్యి ఒళ్లో పెట్టుకుంటే పదిహేను సెంటీమీటర్ల దాకా తేడా ఉండొచ్చు, అంటే పదకొండు దాకా. మనిషిలో ఏ మార్పూ లేకుండానే 128 అని రావాల్సింది 139 అని వస్తుంది. బొమ్మలో చెయ్యి ఎక్కడుందన్నది అందం విషయం కాదని నాకు ఆ రోజే బాగా తెలిసింది. నడుము కుర్చీకి ఆనించి, రెండు పాదాలూ నేల మీద పెట్టించి, కాలు మీద కాలు లేకుండా మొత్తం మనిషిని ఇంకొక బొమ్మ తీశాం. ఆ బొమ్మలో ముఖం లేదు. మెడ నుంచి కిందికే ఉంది. ముఖం ఉంటే చూసేవాళ్ల కన్ను నవ్వు మీదికి పోతుంది. మాకు కావలసింది చెయ్యి.

తర్వాత తెర. ఫోటో తీసేవాళ్లకు అన్నిటికంటే కష్టం ఇదే. మామూలు బీపీ మిషన్ తెర తనంతట తాను వెలగదు. క్యాలిక్యులేటర్ తెర లాగా బయటి వెలుతురు దాని వెనక పొర మీద పడి తిరిగొస్తే నల్ల అంకెలు కనిపిస్తాయి. పైన మెరిసే ప్లాస్టిక్ మూత ఒకటి ఉంటుంది. గదిలో ఉన్న ప్రతి లైటూ, కిటికీ, చివరికి నా తెల్ల చొక్కా కూడా అందులో కనిపిస్తాయి. ఆ మెరుపు పోగొట్టడానికి ఫోటోగ్రాఫర్లు వాడే ఫిల్టర్ ఒకటుంది. నీళ్ల మీద, అద్దాల మీద మెరుపును అది తీసేస్తుంది. కానీ ఇలాంటి తెర ముందే అలాంటి పొరతో తయారవుతుంది కాబట్టి, ఫిల్టర్‌ను ఒక కోణంలో తిప్పేసరికి తెర మొత్తం నల్లబడి అంకెలు మాయమవుతాయి. కొత్తవాళ్లు మిషన్ పాడైందనుకుని కంగారు పడతారు.

మేం చేసింది మామూలు పని. లైటు ముందు బటర్ పేపర్ పెద్ద షీటు వేలాడదీశాం. కెమెరాకు ఎదురుగా, తెరలో ప్రతిబింబం పడే చోట నల్ల చార్టు ఒకటి నిలబెట్టాం. మెరుపు చోట ఆ నలుపు ప్రతిబింబించింది, దాని వెనక అంకెలు తేలాయి. కెమెరాను మరీ పైకి ఎత్తలేదు. ఈ తెరలు ముందు కూర్చుని, కాస్త కింది నుంచి చూసేవాళ్ల కోసం చేసినవి. బాగా పై నుంచి చూస్తే అంకెల గీతలు వెలిసిపోయినట్టు తోస్తాయి. 1, 7 పక్కపక్కన ఉంటే తేడా తెలియదు. ఎర్ర అంకెలు వెలిగే మిషన్లకు వేరే తంటా. వాటిలో అంకెలు మనకంటికి నిలకడగా ఉన్నట్టే ఉంటాయి కానీ ఒకదాని తర్వాత ఒకటి చాలా వేగంగా వెలిగి ఆరుతుంటాయి. సెకనులో ఐదు వందలో వంతు వేగంతో తీస్తే అంకెల్లో సగం గీతలు పోతాయి. ముప్ఫయ్యో వంతుకు, ఇంకా కిందకు దిగితే అన్నీ పడతాయి.

తెర మీద ఏ అంకె ఉండాలి? ఇది పైకి చిన్న ప్రశ్నలా ఉంది కానీ దీని మీదే మాకు ఒక పూట గడిచింది. కొన్ని పెట్టెల మీద ప్రతి గీతా వెలిగించి 888 అని చూపిస్తారు. మిషన్ ఆన్ చేయగానే ఒక క్షణం అలా కనిపించేది అదే. అందులో సెల్లులు అయిపోయిన గుర్తు, గుండె సరిగ్గా కొట్టుకోలేదన్న గుర్తు కూడా ఒకేసారి వెలుగుతాయి. చూసేవాళ్లకు అది ఏమిటో అర్థం కాదు, భయం మాత్రం వేస్తుంది. డిస్ట్రిబ్యూటర్ మనిషి 120/80 కావాలన్నాడు. అందరూ అదే పెడతారని. సిస్టర్ ఒప్పుకోలేదు. "120, 80 అంటే జనానికి అంతా బాగుందని అర్థం. ఈ మిషన్ కొంటే మీకు అదే వస్తుందని చెప్పినట్టవుతుంది నాయనా" అన్నారు. నాకు ఆ మాట న్యాయంగా తోచింది. కుర్రాడికి ఐదు నిమిషాలు మాట్లాడకుండా కూర్చోబెట్టి కొలిచాం. SYS 124, DIA 78, PULSE 74 వచ్చింది. అదే ఉంచాం. మిషన్ కొద్దిసేపటికి తనంతట ఆరిపోతుంది. అయినా జ్ఞాపకం మీట నొక్కితే ఆ కొలత మళ్లీ వస్తుంది. అలా వచ్చినప్పుడు మూలన జ్ఞాపకం గుర్తు కూడా వెలుగుతుంది. దాన్ని చెరపలేదు. బొమ్మ కింద చిన్న అక్షరాలతో "కొలత ఉదాహరణకు మాత్రమే" అని రాయించాం.

కంప్యూటర్‌లో అంకెలు గీసి అతికించడం ఇప్పుడు చాలామంది చేసే పని. తొందరగా అవుతుంది, తెర కొత్త కాగితంలా మెరుస్తుంది. కానీ దాన్ని పట్టుకోవడం కష్టం కాదు. అసలు తెరలో అంకె గీతకు వెనక పొర మీద సన్నటి నీడ పడుతుంది, గీసిన అంకెకు నీడ ఉండదు. అసలు తెరలో 1 తన గడిలో కుడి అంచున నిలబడుతుంది, గీసినవాళ్లు దాన్ని మధ్యలో పెట్టేస్తారు. కొన్నిచోట్ల mmHg అన్న కొలమానమే ఉండదు. ఇవి చిన్న తప్పులే. పెద్ద తప్పు ఇంకొకటుంది. తెరను బాగా తెల్లగా, నీలంగా వెలిగిపోయేలా చేస్తారు. చూసినవాళ్లు రాత్రి లైటు వెయ్యకుండానే అంకెలు కనిపిస్తాయనుకుని కొంటారు. ఇంటికి తెచ్చాక చీకట్లో ఏమీ కనిపించదు. మా మిషన్ తెర బూడిద రంగులో కాస్త పచ్చగా ఉంటుంది. బొమ్మలోనూ అలాగే ఉంచాం. పెట్టె మీద వేసినప్పుడు అది పక్క కంపెనీ పెట్టె కంటే మసకగా కనిపిస్తుందని డిస్ట్రిబ్యూటర్ బాధపడ్డాడు. అయినా ఒప్పించాం.

థర్మామీటర్ పని త్వరగానే ముగిసింది. వస్తువు చిన్నది, తెర రెండు సెంటీమీటర్లకు మించదు. కష్టం ఒక్కటే, అంకె. ఆన్ చేసి ఊరికే బల్ల మీద పెడితే Lo అని కనిపిస్తుంది. గది వేడి అది కొలిచే పరిధి కంటే తక్కువ కాబట్టి. నోట్లో పెట్టుకుని తీస్తే అంకె వస్తుంది కానీ తడి కొన మీద లైటు మెరుస్తుంది. అందుకని గోరువెచ్చటి నీళ్లు గ్లాసులో పోసి కొన ముంచాం. ఈ థర్మామీటర్లు చూసిన అన్నిటికంటే ఎక్కువ వేడిని పట్టుకుని ఉంటాయి, తీశాక చల్లారినా అంకె దిగదు. తుడిచి బల్ల మీద పెట్టి నింపాదిగా తీసుకోవచ్చు. నీళ్లు మరీ వేడిగా ఉంటే మాత్రం H అని చూపిస్తుంది. రెండు మూడుసార్లు చల్లబరిచాక 99.3 °F వచ్చింది.

98.6 ఎందుకు పెట్టలేదని అడిగారు. ఆ అంకెకు ఒక చరిత్ర ఉంది. 1868లో వుండర్లిక్ అనే జర్మన్ వైద్యుడు వేలాది రోగుల కొలతలు చూసి మనిషి ఒంటి వేడికి 37 డిగ్రీల సెల్సియస్ అని ఒక గుండు అంకె ఇచ్చాడు. దాన్ని ఫారన్‌హీట్‌లోకి మారిస్తే 98.6 అయింది. గుండు అంకెకు లెక్కలో ఒక దశాంశం తగిలింది, దానికి లేని కచ్చితత్వం వచ్చిపడింది. పెట్టె మీద 98.6 వేస్తే అది "జ్వరం లేదు" అని చెప్పినట్టు. 102 వేస్తే భయపెట్టినట్టు. 99.3 ఏదీ చెప్పదు, అంకె ఎలా కనిపిస్తుందో మాత్రం చెబుతుంది. కానీ పక్కనున్న °F అన్న గుర్తు మాత్రం తప్పక కనిపించాలి. సెల్సియస్‌లో చూపే థర్మామీటర్ కొని, 37.4 చూసి గాబరాపడి ఫోన్ చేసినవాళ్లను సిస్టర్ చాలామందినే చూశారట. మన ఇళ్లలో ఎక్కువమందికి ఫారన్‌హీటే అలవాటు. మీట ఎక్కువసేపు నొక్కితే మారే థర్మామీటర్లు ఉన్నాయి, మారనివీ ఉన్నాయి. బొమ్మలో ఆ గుర్తు కనిపిస్తే కొనే ముందే తెలుస్తుంది. కొన గట్టిదా, వంగేదా అన్నది కూడా చూపించడానికి ఒక బొమ్మలో వేలితో కొద్దిగా వంచి తీశాం. మాది వంగేది.

అన్నీ అయ్యాక అసలు వాదన మొదలైంది. పెట్టె డిజైన్ చేసేవాళ్లు పంపిన మొదటి నమూనాలో మా బొమ్మ వెనక ఎర్ర గుండె, దాని మీదుగా ఈసీజీ గీత, తెల్ల కోటులో స్టెతస్కోపు వేసుకున్న ఒక మనిషి, పైన పెద్ద అక్షరాలతో "గుండెకు రక్ష", "డాక్టర్లు మెచ్చినది", "నూరు శాతం కచ్చితం" ఉన్నాయి. మిషన్ ఈసీజీ తీయదు. బీపీ మిషన్ గుండెను కాపాడదు, ఒక అంకె చూపిస్తుంది. ఆ తెల్ల కోటు మనిషి డాక్టరో కాదో ఎవరికీ తెలియదు, అలాంటి ఫోటోలు ఎక్కడైనా అమ్ముతారు. మన దేశంలో 1954 నాటి డ్రగ్స్ అండ్ మ్యాజిక్ రెమెడీస్ చట్టంలో ఏయే జబ్బులకు మందు, చికిత్స అంటూ ప్రకటనలు ఇవ్వకూడదో ఒక పట్టిక ఉంది. బీపీ, గుండె జబ్బులు, జ్వరాలు అందులో ఉన్నాయి. మిషన్ మందు కాదన్నది నిజమే, కానీ మిషన్ పెట్టె మీద రక్ష, నయం అని రాయడం మొదలెడితే ఎక్కడ ఆగాలో తెలియదు.

"నూరు శాతం" తీసేసి "±3 mmHg కచ్చితత్వం" అని పెద్దగా వేద్దామన్నారు. అది మిషన్‌తో వచ్చిన కాగితంలో నిజంగానే ఉంది. కానీ ఆ మూడు దేని గురించి? పట్టీలోని గాలి ఒత్తిడిని మిషన్ ఎంత దగ్గరగా కొలుస్తుందన్నదే. ఆ ఒత్తిడి నుంచి మీ బీపీని లెక్కగట్టడంలో వచ్చే తేడా వేరు. దాన్ని మనుషుల మీదే పరీక్షిస్తారు. అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్‌ఓ 81060-2 ప్రకారం కనీసం 85 మంది మీద, శిక్షణ పొందినవాళ్లు స్టెతస్కోపుతో కొలిచినదానితో పోల్చి చూడాలి. సగటు తేడా ఐదుకు మించకూడదు, ఒక్కొక్కరి తేడాల చెదురు ఎనిమిదికి మించకూడదు. అంటే పరీక్ష నెగ్గిన మంచి మిషన్ కూడా ఒక మనిషి దగ్గర ఒక పూట మూడు కంటే ఎక్కువ తేడా చూపించవచ్చు. ±3 అని పెట్టె ముందు పెద్దగా వేస్తే ఇంట్లో వాళ్లు 131, 135 మధ్య తేడాకు ఆందోళన పడతారు. అందుకని ఆ అంకెను పెట్టె వెనక సాంకేతిక వివరాల్లో "పట్టీ ఒత్తిడి కొలతలో" అన్న మాటతో సహా ఉంచాం.

చివరికి పెట్టె ముందు వైపు మిగిలినవి తక్కువే. లేత బూడిద రంగు నేపథ్యం, మిషన్, దాని కింద నిజమైన నీడ, పక్కన విప్పిన పట్టీ, దాని మీద చదవగలిగేలా 22–32 సెం.మీ. ఒక పక్క పెట్టెలో వచ్చేవన్నీ వరసగా పరిచిన చిన్న బొమ్మ: మిషన్, పట్టీ, ట్యూబు, నాలుగు పెన్సిల్ సెల్లులు, కాగితం. కరెంటు అడాప్టర్ విడిగా కొనాలి కాబట్టి బొమ్మలో పెట్టలేదు. మిషన్ అడుగున ఉన్న చీటీని కూడా ఒక బొమ్మ తీసి పెట్టె వెనక వేశాం. 2017 వైద్య పరికరాల నిబంధనల కింద ఉండాల్సిన లైసెన్సు నంబరు, తయారైన నెల అందులో ఉంటాయి. ఇలాంటి చీటీలు అందంగా లేవని చాలామంది చెరిపేయిస్తారు. నా దృష్టిలో పెట్టె మొత్తం మీద నమ్మదగింది ఆ చీటీయే.

ఆ పని అయ్యాక ఒక మిషన్ తీసుకుని గుంటూరు వెళ్లాను. పెద్దమ్మ జబ్బ చుట్టూ టైలర్ టేపు పెట్టి చూస్తే 34 సెంటీమీటర్లు. ఆవిడ పాత పెట్టెలో పట్టీ 22–32ది. పెట్టె మీద ఎక్కడా ఆ అంకె లేదు, పట్టీ మీద మాత్రమే చిన్నగా ఉంది. అంటే స్వెటర్ తీసేసి, చెయ్యి గుండె ఎత్తులో పెట్టినా ఆవిడ అంకె ఎక్కువగానే వస్తూ ఉండేది. ఎంత ఎక్కువ? 2023లో అమెరికాలో జాన్స్ హాప్కిన్స్ పరిశోధకులు 195 మంది మీద ఇదే చూశారు. ఒక సైజు పెద్ద పట్టీ కావలసినవాళ్లకు మామూలు పట్టీ వేస్తే పై అంకె సగటున దాదాపు ఐదు పెరిగింది. రెండు సైజులు పెద్దది కావలసినవాళ్లకు దాదాపు ఇరవై పెరిగింది. పెద్దమ్మకు 32–42 పట్టీ విడిగా తెప్పించాం. అది అదే మిషన్‌కు పనికొచ్చేదేనని చూసుకునే తెప్పించాం. అన్ని పట్టీలూ అన్ని మిషన్లకూ పనికిరావు. తన అంకెల సంగతి డాక్టరు గారితోనే మాట్లాడమని చెప్పాను.

మీరు బీపీ మిషన్ కొనబోతుంటే, ముందు ఇంట్లో టేపు తీసుకుని భుజం కొనకూ మోచేతికీ సరిగ్గా మధ్యలో, జబ్బ చుట్టూ కొలవండి. ఆ అంకె ఒక చీటీ మీద రాసుకుని మెడికల్ షాపుకు వెళ్లండి. పెట్టె మీది బొమ్మలో పట్టీ సెంటీమీటర్లు కనిపించకపోతే, పెట్టె తెరిచి పట్టీ విప్పి చూపించమని అడగండి.